పెద్దవాడికి ముందే ఇచ్చిన స్థలం వాటాలో తీసేస్తారా?

తెనాలి దగ్గర రిటైరైన ఒక టీచరు వీలునామా రాయకుండా పోయారనుకుందాం. ఆయన పేరు మీద మిగిలినవి మూడు: 80 లక్షల ఇల్లు, 60 లక్షల పొలం, బ్యాంకులో 20 లక్షల డిపాజిట్లు. మొత్తం కోటీ అరవై లక్షలు. వారసులు నలుగురు: భార్య, ఇద్దరు కొడుకులు, మధ్యలో ఒక కూతురు.

పెద్దకొడుక్కి 2012లోనే 250 గజాల స్థలం గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసి రిజిస్టర్ చేయించారు. అప్పుడు దాని ధర 12 లక్షలు. ఇప్పుడు 60 లక్షలు పలుకుతోంది. పెద్దకర్మ అయ్యాక చిన్నకొడుకు లేవనెత్తే మాట ఊహించడం కష్టం కాదు. "అన్నయ్యకి నాన్న ముందే ఇచ్చేశారు కదా. ఇక ఉన్నది మేం పంచుకోవాలి, లేదా ఆ స్థలం విలువ వాడి వాటాలో తీసెయ్యాలి." పెద్దమనుషుల్లో ఎక్కువమంది దీనికి తలూపుతారు. లాయరు మాత్రం తల అడ్డంగా ఊపుతాడు.

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం లెక్క చాలా చిన్నది. వీలునామా లేకుండా చనిపోయిన మగవాడి ఆస్తి ముందు మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్యకు ఒక వాటా, ప్రతి కొడుక్కీ కూతురికీ ఒక్కో వాటా. కోటీ అరవై నాలుగు భాగాలైతే తలా 40 లక్షలు. టీచరుగారి తల్లి బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. చాలా ఇళ్లలో నాయనమ్మను లెక్కలోంచి మర్చిపోతారు. ఆమె ఉంటే ఐదు భాగాలు, తలా 32 లక్షలు. ఈ లెక్కలో 2012 స్థలానికి చోటు లేదు. మనిషి చనిపోయిన రోజున ఆయనకు ఏం ఉందో దాన్నే చట్టం పంచుతుంది. ఆ రోజుకు స్థలం ఆయనది కాదు. రిజిస్టరైన దానపత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు, పుచ్చుకున్నవాడి అంగీకారం ఉంటే దానం పూర్తయినట్టే. పూర్తయిన దానం ఇచ్చినవాడి ఎస్టేట్‌లోంచి బయటికి వెళ్లిపోతుంది. ఆయన చనిపోయాడని వెనక్కి రాదు.

ముందు ఇచ్చినదాన్ని కాగితం మీద మళ్లీ రాశిలో కలిపి, అందరికీ సమానంగా భాగించి, పుచ్చుకున్నవాడి వాటాలోంచి తీసేసే పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. ఫ్రాన్స్, జర్మనీ సివిల్ కోడ్‌లలో ఉంది. మన దేశంలోనే గోవాలో ఉంది, అది పోర్చుగీసు చట్టం వదిలివెళ్లిన ఆనవాయితీ. ఇంగ్లండ్‌లో దీన్ని హాచ్‌పాట్ అంటారు, అంటే అన్నీ ఒకే కుండలో వేయడం. వీలునామా లేని ఆస్తుల విషయంలో వాళ్లు దాన్ని 1995లో చేసిన చట్టంతో వదిలేశారు. 1996 జనవరి 1 నుంచి జరిగిన మరణాలకు ఆ లెక్క లేదు.

తమాషా ఏమిటంటే, ఇంగ్లండ్‌లో హాచ్‌పాట్ నడుస్తున్న రోజుల్లోనే ఇంగ్లిషువాళ్లు ఇక్కడ రాసిన చట్టం దానికి సరిగ్గా ఎదురు చెప్పింది. భారత వారసత్వ చట్టం, 1925లోని 49వ సెక్షన్ మాటలు మెలిక లేకుండా ఉంటాయి: వీలునామా రాయకుండా పోయిన తల్లి గానీ తండ్రి గానీ బతికుండగా బిడ్డకు డబ్బిచ్చినా ఆస్తి ఇచ్చినా, ఆ బిడ్డ వాటా కట్టేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇది మన ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలకు నేరుగా వర్తిస్తుంది. హిందువుల వారసత్వానికి ఆ సెక్షన్ వర్తించదు, కానీ 1956 చట్టంలో తీసివేత లెక్క అనేదే లేదు కాబట్టి ఫలితం ఒకటే. ముస్లిం కుటుంబాల్లో కూడా బతికుండగా పూర్తయి స్వాధీనమైన హిబా అనే దానం వాటాలోంచి పోదు. మరణశయ్య మీద వారసుడికి చేసిన దానానికి మాత్రం మిగతా వారసుల ఒప్పుదల కావాలి.

అంటే చిన్నకొడుకు ఓడిపోయినట్టేనా? ఇంకా కాదు. కోర్టులో "ఇచ్చారు కాబట్టి తీసెయ్యండి" అనే వాదన నిలవదు. కానీ "అసలు ఇవ్వడానికి అది ఆయన సొంతమేనా?", "అసలు ఇచ్చారా?" అనే రెండు ప్రశ్నలు నిలుస్తాయి. నిజమైన కేసులు గెలిచేదీ ఓడేదీ ఈ రెండింటి దగ్గరే.

మొదటిది, ఆస్తి ఎవరిది. టీచరుగారు ఆ స్థలాన్ని జీతం డబ్బుతో కొనుంటే అది స్వార్జితం. స్వార్జితాన్ని ఒక్క బిడ్డకే రాసిచ్చినా, పక్కింటివాడికి రాసిచ్చినా అడిగే హక్కు ఎవరికీ లేదు. అదే పూర్వీకుల ఉమ్మడి ఆస్తి అయితే కథ మారుతుంది. ఉమ్మడి స్థిరాస్తిని తండ్రి ఇష్టం వచ్చినట్టు దానం చేయలేడు. ధర్మకార్యాలకు మాత్రమే చేయగలడు, అదీ కుటుంబ ఆస్తితో పోలిస్తే తగుమాత్రంగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. కేవలం ప్రేమాభిమానాలతో చేసిన దానం ధర్మకార్యం కిందికి రాదు, ఒప్పుకోని సహవారసుడు దాన్ని కొట్టేయించుకోవచ్చు అని. కూతురికి ఇవ్వడంలో కొంత సడలింపు ఉంది. పెళ్లప్పుడో తర్వాతో తగుమాత్రం భూమి ఇస్తే చెల్లుతుందని 1963లోనూ 2003లోనూ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2003 కేసులో కూతురికి ఇచ్చింది మొత్తం ఆస్తిలో ఇరవై ఆరో వంతు.

కాబట్టి టీచరుగారు ఒక్క కొడుక్కి ఇచ్చిన స్థలం ఉమ్మడి ఆస్తి అయి, మిగతావాళ్లు ఒప్పుకోకపోయి ఉంటే, దానం నిలవదు. స్థలం మళ్లీ ఉమ్మడి రాశిలోకి వస్తుంది. అప్పుడు కోర్టు మామూలుగా ఏం చేస్తుందంటే, వీలైతే ఆ స్థలాన్నే అతని వాటాకింద కేటాయించి, మిగిలినదాంట్లో ఆ మేరకు తగ్గిస్తుంది. చూడటానికి ఇది అచ్చం తీసివేతే. కానీ దారి వేరు. దానం చెల్లలేదు కాబట్టి వచ్చిన ఫలితం ఇది. చెల్లిన దానాన్ని లెక్కలో తగ్గించడం కాదు. దీనికి గడువు కూడా ఉంది. తండ్రి చేసిన బదలాయింపును కొట్టేయించుకోవడానికి పుచ్చుకున్నవాడు స్వాధీనం తీసుకున్న రోజు నుంచి పన్నెండేళ్లు. 2012లో స్వాధీనమైన స్థలం మీద 2025లో దావా వేస్తే ఎదుటి లాయరు మొదటి పేజీలోనే ఈ మాట రాస్తాడు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. "తాత ఆస్తి కదా, పూర్వీకులదే" అనుకుంటారు. తాత 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి, ఆయన స్వార్జితం వారసత్వంగా తండ్రికి వచ్చి ఉంటే, అది తండ్రి చేతిలో సొంత ఆస్తే. సుప్రీంకోర్టు 1986లో ఇలాగే తీర్పిచ్చింది. ఉమ్మడి ఆస్తి కావాలంటే అంతకు ముందు నుంచీ ఉమ్మడిగా వచ్చినదై ఉండాలి, లేదా అలాంటి ఉమ్మడిలోంచి తండ్రి పంపకంలో తెచ్చుకున్న వాటా అయి ఉండాలి. పాత పారీఖత్తు ఇంట్లో ఉందా, తాత ఏ సంవత్సరంలో పోయారు, పొలం ఆయనకెలా వచ్చింది అన్నవి తేలకుండా దానపత్రం గురించి వాదించడం గాలిలో కర్ర తిప్పడమే.

ఉమ్మడి కుటుంబంలోనే ఇంకో పాత గొడవ ఉంది. పెద్దవాడి చదువుకు ఎక్కువ ఖర్చయింది, చిన్నవాడిది గవర్నమెంటు కాలేజీ. పంపకంలో ఆ తేడా సరిచేయమని అడగొచ్చా? కుదరదు. ఉమ్మడి నడిచినన్నాళ్లూ ఎవరి మీద ఎంత ఖర్చయిందో తవ్వి లెక్కగట్టరు. పంపకం రోజున ఉన్నదాన్నే పంచుతారు. యజమాని దొంగలెక్కలు చూపాడనో సొమ్ము సొంతానికి వాడుకున్నాడనో రుజువైతే తప్ప పాత ఖర్చులు తెరవరు.

చదువు సంగతిలో ఒకప్పుడు ఇంకా పెద్ద ప్రమాదం ఉండేది. కుటుంబం డబ్బుతో చదివి ఐసీఎస్‌లో చేరిన ఒకాయన సంపాదన కూడా ఉమ్మడి ఆస్తేనని అప్పట్లో చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1921లో తీర్పిచ్చింది. ఆ తర్వాతే 1930లో విద్యార్జన చట్టం వచ్చింది. చదువుకు డబ్బు ఎవరు పెట్టినా సరే, ఆ చదువుతో వచ్చిన సంపాదన సంపాదించినవాడిదే అని అది చెప్పింది. అందుకే "మా పొలం అమ్మి వాణ్ణి అమెరికా పంపాం, వాడు అక్కడ కొన్న ఇంట్లో మాకు వాటా ఉంది" అనే మాటకు ఇప్పుడు బలం లేదు. పొలం అమ్మింది నిజమే, అమ్మిన పొలం మాత్రం తిరిగి రాదు.

రెండో ప్రశ్నకు వద్దాం. అసలు ఇచ్చారా? గిఫ్ట్ సెటిల్‌మెంట్ ఉంటే ప్రశ్నే లేదు. కానీ మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది వేరు. తండ్రి డబ్బు కట్టి, స్థలం నేరుగా కొడుకు పేరు మీద రిజిస్టర్ చేయిస్తాడు. "వాడి పేరు మీద కొన్నాం" అంటారు. అది కొడుక్కి ఇచ్చినట్టా, పేరు మాత్రం వాడిదా? ఇంగ్లిషు చట్టంలో తండ్రి బిడ్డ పేరున కొంటే దానంగా ఇచ్చినట్టే మొదట అనుకుంటారు. భారతదేశంలో ఆ ఊహ చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1854లోనే చెప్పింది. కాబట్టి ఇక్కడ ప్రతిదీ సాక్ష్యం మీద తేలాలి. డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లింది? అసలు దస్తావేజు ఎవరి బీరువాలో ఉంది? ఇంటిపన్ను ఎవరు కట్టారు, అద్దె ఎవరు తీసుకున్నారు? కొడుకు పేరు పెట్టడానికి అసలు కారణం ఏమిటి? ఇవన్నీ కలిపి చూస్తారు. పేరు మాత్రమే కొడుకుదని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి.

బినామీ చట్టం ఈ దావాలను అడ్డుకుంటుందని కొందరు భయపెడతారు. 2016 సవరణ తర్వాత, తండ్రి తన తెలిసిన ఆదాయంతో బిడ్డ పేరున కొన్నది బినామీ నిర్వచనంలోకే రాదు. అంటే తలుపు మూసుకుపోలేదు. చిన్నకొడుకు ఇక్కడ గెలిస్తే ఆ స్థలం పూర్తిగా తండ్రి ఎస్టేట్‌లోకి వస్తుంది, నలుగురికీ పంచుతారు. ఓడితే ఒక్క రూపాయి తగ్గదు. మధ్యమార్గం చట్టంలో లేదు.

అప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "ఇల్లు కట్టుకోమని ఇచ్చాను, తర్వాత ఇస్తానన్నాడు" అని తండ్రి పదిమందితో అన్నాడనుకోండి. అప్పయితే అది ఎస్టేట్‌కు రావాల్సిన బాకీ, దానం కాదు. కానీ ప్రాంసరీ నోటు ఉన్నా సరే, మధ్యలో కొంతైనా తీర్చిన ఆనవాలు లేకుండా మూడేళ్లు దాటితే గడువు చెల్లిన బాకీ అవుతుంది. నోటిమాట అప్పు పదేళ్ల తర్వాత పంపకంలో బరువు తూగదు.

ఇక, కొడుకు స్వయంగా రాసిచ్చిన కాగితం. "నాకు రావలసింది నాకు ముట్టింది, మిగతా ఆస్తిలో నాకు వాటా లేదు" అని తండ్రి బతికుండగా రాయించుకుంటారు. ఇది చెల్లుతుందా అంటే సమాధానం రెండు మెట్లలో వస్తుంది. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో కొడుక్కి హక్కు లేదు, ఆశ మాత్రమే ఉంది. ఆశను బదలాయించడం కుదరదని ఆస్తి బదలాయింపు చట్టం చెబుతుంది. ఆ లెక్కన ఆ కాగితం ఒక్కటే ఏమీ చేయదు. కానీ డబ్బు పుచ్చుకుని, తండ్రి తన ఆస్తి సంగతి దాన్ని నమ్మి చూసుకునేలా చేసి, ఆయన పోయాక మళ్లీ వాటా అడిగితే? అప్పుడు ఆ కొడుకు నోరు కట్టేయబడుతుంది. 2023 జనవరిలో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ మొదటి భార్య కొడుకు 1975లో తండ్రి నుంచి ప్రతిఫలం తీసుకుని విడుదల దస్తావేజు రాశాడు. అతను 1978లో పోయాడు, తండ్రి 1988లో పోయాడు. అతని కొడుకులు తాత ఆస్తిలో వాటాకు వచ్చారు. విడుదల రాసిన తమ తండ్రి ప్రవర్తన వాళ్లను కూడా కట్టేస్తుందని, వాటా లేదని కోర్టు తీర్పు.

ఇంచుమించు హాచ్‌పాట్ చేయాల్సిన పని ఇక్కడ ఈ కాగితం చేస్తుంది. మన టీచరుగారి పెద్దకొడుకు ఆ రోజు అలాంటిది రాసుంటే, 12 లక్షల స్థలమే అతని చివరి వాటా అయ్యేది. రాయలేదు. దానపత్రంలో "ప్రేమాభిమానములతో" అని మాత్రమే ఉంది. ఆ ఒక్క మాట అతన్ని కాపాడుతోంది. తండ్రి ఇచ్చినది దానమా, లేక పంపకంలో వాటానా అన్నది దస్తావేజు మాటలు, అప్పటి పరిస్థితులు చూసి తేల్చాలని సుప్రీంకోర్టు 1953లో ఒక మద్రాసు కేసులో చెప్పింది. అక్కడి ప్రశ్న వేరు. తండ్రి ఇచ్చిన స్వార్జితం కొడుకు చేతిలో ఉమ్మడి ఆస్తి అవుతుందా అన్నది. కానీ దస్తావేజు చదివే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది.

వీలునామాతో తండ్రి ఇవన్నీ తప్పించుకోవచ్చు, రాసే తీరు తెలిస్తే. "పెద్దవాడికి ఫలానా సంవత్సరంలో ఫలానా స్థలం ఇచ్చాను, అందుచేత మిగతా ఆస్తిలో వాడికి ఇంతే" అని రాస్తే అంతే. తన స్వార్జితంలో ఎవరికైనా సున్నా ఇవ్వడానికి కూడా ఆయనకు అధికారం ఉంది. అయితే ఒక వల ఉంది. ముందు వీలునామాలో ముగ్గురికీ సమానం రాసి, ఆ తర్వాత పెద్దవాడికి స్థలం ఇస్తే, ఆ స్థలం వీలునామాలోని వాటాలోంచి దానంతటదే తగ్గదు. భారత వారసత్వ చట్టంలో దీనికి ఉదాహరణే ఉంది. తండ్రి కొడుక్కి ఇరవై వేలు వీలునామాలో రాసి, తర్వాత బతికుండగానే ఇరవై వేలు చేతికిచ్చాడు. అయినా వీలునామాలోని ఇరవై వేలు పోవు. దానం చేసిన ప్రతిసారీ వీలునామాను ముట్టుకోవాల్సిందే.

మన టీచరు ఏదీ రాయలేదు. కోర్టుకు వెళ్తే నాలుగో వంతు చొప్పున ప్రాథమిక డిక్రీ వస్తుంది, కమిషనర్ వచ్చి కొలుస్తాడు, సంవత్సరాలు గడుస్తాయి. స్థలం ప్రస్తావన తీర్పులో ఒక పేరాకు మించి ఉండదు. కాబట్టి చిన్నకొడుక్కీ కూతురికీ మిగిలిన దారి, అన్న ఒప్పుకోవడం. వారసులు మేజర్లయి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే అసమాన పంపకానికి చట్టం అడ్డు రాదు. చనిపోయిన అన్నకో చెల్లెలికో మైనర్ పిల్లలుంటే మాత్రం, ఆ పిల్లల స్థిరాస్తి వాటాను వదులుకోవడానికి కోర్టు అనుమతి కావాలి. దాన్ని దాటేసి చేసిన పంపకం పిల్లలు పెద్దయ్యాక తిరగబడుతుంది.

సరే, అన్న ఒప్పుకున్నాడు. అయినా లెక్క తేలికేం కాదు. తల్లి తన 40 లక్షలు ముందు తీసుకుంటుందనుకుందాం. పిల్లల మధ్య గొడవతో ఆమె వాటా పెరగడం, తగ్గడం న్యాయం కాదు. పిల్లలకు మిగిలింది 120 లక్షలు. స్థలాన్ని ఇచ్చిన రోజు ధరకు, 12 లక్షలకు, కలిపితే 132. ముగ్గురికీ 44 చొప్పున. పెద్దవాడికి చేతికొచ్చేది 32. అదే ఇవాళ్టి ధరకు, 60 లక్షలకు, కలిపితే 180. తలా 60. పెద్దవాడికి అప్పుడే 60 వచ్చేసింది కాబట్టి ఇప్పుడు చేతికి సున్నా. ఏ రోజు ధర అన్న ఒక్క ప్రశ్నకు 32 లక్షల తేడా. గొడవంతా ఇక్కడే ముదురుతుంది.

పెద్దవాడు ఊరుకోడు. "నా స్థలం లెక్కిస్తే తమ్ముడి మెడిసిన్ సీటుకు నాన్న కట్టిన 20 లక్షలు లెక్కించరా? చెల్లి పెళ్లికి 2010లో పెట్టిన 10 లక్షలు?" అంటాడు. న్యాయంగా అడిగిన మాటే. అవీ కుండలో వేస్తే 210. తలా 70. పెద్దవాడికి 10, తమ్ముడికి 50, చెల్లికి 60. ఇక చెల్లి అంటుంది, "స్థలానికి ఇవాళ్టి ధర వేసి, నా పెళ్లి ఖర్చుకు మాత్రం 2010 ధర వేస్తారా? దాంట్లో సగం బంగారం." ఆ బంగారం ఇవాళ్టి ధర కడితే ఆమె వాటా ఇంకా తగ్గుతుంది. ఆమె ఈ మాట ఎందుకు ఎత్తిందో ఆమెకే తెలియాలి. పెళ్లి భోజనాల ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలో ఎవరికీ తెలియదు.

అందుకే ఒప్పందం చేసేవాళ్లు ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఏది లెక్కలోకి వస్తుంది, ఏ రోజు ధరకు. చదువు, పెళ్లి ఖర్చులు వదిలేసి, రిజిస్టరైన స్థిరాస్తిని మాత్రమే లెక్కించడం ఎక్కువ ఇళ్లలో నిలబడే కట్టుబాటు. దానికి కాగితం ఉంటుంది, ఈసీలో కనిపిస్తుంది, జ్ఞాపకాల మీద ఆధారపడనక్కర్లేదు. ధరకు 12కూ 60కీ మధ్య ఎక్కడో ఆగాలి. పెద్దవాడు పన్నెండేళ్లు ప్రహరీ కట్టి కాపాడుకున్నాడు, పన్ను కట్టాడు. ధర పెరిగింది ఊరు పెరిగినందువల్ల. వీళ్లు 30 లక్షలకు ఆగారనుకుందాం. 120కి 30 కలిపితే 150, తలా 50. పెద్దవాడికి ఇంకా 20. తమ్ముడికీ చెల్లికీ 50 చొప్పున. తల్లికి 40.

ఇప్పుడు వస్తువులు సర్దడం. బ్యాంకు డిపాజిట్లు 20 లక్షలు పెద్దవాడికి. 80 లక్షల ఇల్లు తల్లికీ కూతురికీ చెరిసగం, తలా 40. 60 లక్షల పొలం చిన్నవాడికి. అతనికి 10 ఎక్కువ, అక్కకి 10 తక్కువ కాబట్టి అతను అక్కకి 10 లక్షలు నగదు ఇవ్వాలి. ఆ నగదు ఎప్పుడు, ఎలా ముట్టిందో, చెక్ నంబరుతో సహా, విభాగ దస్తావేజులోనే రాయాలి. "తర్వాత ఇస్తాను" అని వదిలేస్తే కూతురికి మిగిలేది మళ్లీ నోటిమాట. దస్తావేజు మొదటి భాగంలోనే 2012 దానం నంబరు వేసి, దాన్ని 30 లక్షలుగా లెక్కించి ఈ వాటాలు నిర్ణయించుకున్నట్టు నలుగురూ సంతకం చేయాలి. ఇల్లు, పొలం ఎవరికి అన్నది ఈ కాగితంతోనే నిర్ణయమవుతోంది కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. ఎప్పుడో నోటిమాటతో జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న పట్టీకి మాత్రమే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇప్పటికే కోర్టులో దావా ఉంటే ఇవే షరతులతో లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంది.

పని అయిపోయిందనుకునే చోట ఒకటి మిగిలిపోతుంది. తల్లికి వచ్చిన సగం ఇల్లు ఆమె పూర్తి సొంతం. ఆమె కూడా వీలునామా రాయకుండా పోతే ఆ 40 లక్షలు ఇద్దరు కొడుకులకూ కూతురికీ సమానంగా మూడు భాగాలవుతాయి. తండ్రి పంపకంలో తగ్గించుకుంటానన్న పెద్దవాడు అక్కడ మళ్లీ పూర్తి వాటాదారుడే. నలుగురూ సంతకం పెట్టిన ఆ దస్తావేజు తండ్రి ఆస్తికే వర్తిస్తుంది, తల్లి ఆస్తికి కాదు. తల్లి సగంలో పెద్దవాడి వాటా ఎంత ఉండాలనుకున్నారో, అది ఆమె వీలునామాలో విడిగా రాయాల్సిందే.